శిలాఫలకం సరే, నీళ్లేవి?

రాయలసీమలో ప్రాజెక్టు అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి నీళ్లది, రెండోది బీటెక్ చివరి సంవత్సరానిది. నీళ్ల ప్రాజెక్టు విషయంలో మనవాళ్లను ఎవరూ బురిడీ కొట్టించలేరు. అనంతపురంలో ఏ టీ కొట్టు దగ్గరైనా హంద్రీ-నీవా పేరెత్తి చూడండి. శ్రీశైలం నుంచి 40 టీఎంసీలు, 6 లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు అని టీ చల్లారేలోపే లెక్క వస్తుంది. ఆ వెంటనే పక్క బెంచీ నుంచి, "అదంతా కాగితం మీది లెక్కప్పా, మా చెరువులోకి ఎన్ని దినాలు పారినాయో అది చెప్పు" అని ఇంకో గొంతు లేస్తుంది.

ఇంత కచ్చితంగా లెక్కలడిగే ఈ జనమే, కన్నకొడుకు రెజ్యూమెలో 'ప్రాజెక్టులు' అన్న చోట ఒక్క అంకె కూడా లేకపోయినా, "బాగుంది నాయనా, రెండు పేజీలొచ్చింది" అని మెచ్చుకుని, పది కాపీలు ప్రింటు తీయించి బెంగళూరు బస్సెక్కిస్తుంది. బీటెక్ ప్రాజెక్టుకు శిలాఫలకం చాలు. నీళ్లు పారాయా లేదా అని అడగడం అమంగళం.

నేను కొన్నేళ్లు బెంగళూరులో ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేసిన పాపానికి, ఇప్పుడు ఊళ్లో ప్రతి ఆదివారం ఉగ్గాని బజ్జితో పాటు రెండు మూడు రెజ్యూమెలు కూడా ప్లేటులోకి వస్తున్నాయి. మొన్న వచ్చింది ఎదురింటి అబ్బాయిది. ప్రాజెక్టు పేరు పెద్దక్షరాల్లో ఉంది: మెషీన్ లెర్నింగ్‌తో గుండె జబ్బును ముందే కనిపెట్టే సిస్టమ్. దాని కింద నాలుగు వాక్యాలు. పైథాన్, పాండాస్, సైకిట్ లెర్న్, ఫ్లాస్క్ వాడి సిస్టమ్‌ను అభివృద్ధి చేశాను. డేటాను శుభ్రం చేయడంలో పాలుపంచుకున్నాను. రకరకాల ఆల్గారిథమ్‌లు ప్రయోగించాను. మెషీన్ లెర్నింగ్ మీద మంచి అవగాహన సంపాదించాను. చివర్లో, టీమ్ సైజు 4, నా పాత్ర టీమ్ లీడర్.

ఆ వారం అదే బ్యాచ్ నుంచి ఇదే ప్రాజెక్టుతో మరో మూడు రెజ్యూమెలు వచ్చాయి. ఆ ముగ్గురూ టీమ్ లీడర్లే. మెంబర్లు లేని టీమును నడపడం మామూలు దక్షత కాదు.

ఆ నాలుగు వాక్యాలను మళ్లీ మళ్లీ చదివాను. చేసిన పని ఉంది, ఫలం జాడ లేదు. మన పెద్దలు నిష్కామ కర్మ అని చెప్పింది దీన్నే అయ్యుండాలి. మునులు అడవుల్లో ఏళ్ల తరబడి తపస్సు చేసినా సాధించలేనిది, మన కుర్రాళ్లు ఎనిమిదో సెమిస్టర్లో రికార్డు బైండింగ్ అయ్యేలోపు సాధిస్తున్నారు. అభివృద్ధి చేశారు, ప్రయోగించారు, పాలుపంచుకున్నారు. ఆ సిస్టమ్ ఎవరి గుండె జబ్బునైనా కనిపెట్టిందా అని అడగడం సంసారుల బుద్ధి.

సంసారిని కాబట్టి అడగక తప్పలేదు. నా పద్ధతి చాలా నాటుది. బొటనవేలితో పైథాన్, ఫ్లాస్క్ లాంటి పేర్లన్నీ మూసేసి, మిగిలిన మాటలు చదువుతాను. ఆ మిగిలిన మాటలు ఇంకే ప్రాజెక్టు కిందైనా అతికితే, అక్కడ ఖాళీ ఉన్నట్టే. ఈ నాలుగు వాక్యాల మీద వేలు పెడితే "సిస్టమ్‌ను అభివృద్ధి చేశాను, పాలుపంచుకున్నాను, ప్రయోగించాను, అవగాహన సంపాదించాను" అన్నవే మిగిలాయి. వీటిని పంటల దిగుబడి అంచనా కింద పెట్టినా, ముఖం చూసి హాజరు వేసే యంత్రం కింద పెట్టినా, పెళ్లిపందిరికి లైట్లు కట్టే కాంట్రాక్టు కింద పెట్టినా దివ్యంగా సరిపోతాయి.

"ఎంతమంది డేటా తీసుకున్నావు?" అన్నాను.

"డేటాసెట్ ఆన్‌లైన్‌లో దొరికిందన్నా."

"దొరికింది సరే, అందులో ఎన్ని వరుసలున్నాయి?"

"చూడల్ల."

"ఎన్ని సరిగ్గా చెప్పింది?"

"బాగానే చెప్తాదన్నా. సబ్మిషన్ రోజు సార్ కూడా బాగుందన్నాడు."

ఆ అబ్బాయి తెలివితక్కువవాడేమీ కాదు. నాలుగేళ్లలో ఎవరూ తనను అడగని ప్రశ్నలివి. వైవాలో ఇలాంటివి అడిగితే నాలుగు బ్యాచ్‌లు కూడా సాయంత్రానికి పూర్తికావని అందరికీ తెలుసు. "ఫలితం అంకెల్లో రాసుకుని రారా" అని పంపాను. నేను చేసిన తప్పు అదే.

రెండు రోజులకు కొత్త రెజ్యూమె వచ్చింది. అందులో "98.54 శాతం కచ్చితత్వంతో గుండె జబ్బును కనిపెట్టాను, ఆసుపత్రుల సామర్థ్యాన్ని 40 శాతం పెంచాను" అని ఉంది. ఏ ఆసుపత్రి అని అడిగితే నేల చూపులు చూశాడు. ఆ 40 శాతం గురించి అంతకంటే తవ్వలేదు. అంతకుముందు ఎంత ఉండేదో చెప్పకుండా ఎంత పెరిగిందో చెప్పే అంకె ఊహాలోకానిది, దానికి మన లోకంలో చిరునామా ఉండదు. ఆసక్తికరమైనది 98.54. అది ఎవరూ ఊహించి రాసింది కాదు, నిజంగానే స్క్రీన్ మీద కనిపించింది. అందుకే దానితో ప్రమాదం ఎక్కువ.

ఆ డేటా పుట్టుక చెప్పాలి. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పరీక్షలు చేయించుకున్న 303 మంది వివరాలు 1988లో పరిశోధకుల కోసం బయటికిచ్చారు. వయసు, రక్తపోటు, కొలెస్ట్రాల్ లాంటివి మనిషికి 13, ఆపైన జబ్బు ఉందా లేదా అన్న జవాబు. ఆ 303లో జబ్బు లేనివాళ్లు 164 మంది, ఉన్నవాళ్లు 139 మంది. అప్పటినుంచి మన దేశంలో ఎన్ని ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టినా, ఆ 303 మంది గుండెలనే పరీక్షిస్తూ వస్తున్నాయి. వాటిలో మిరపకాయ బజ్జి తిన్న గుండె ఒక్కటి కూడా ఉన్నట్టు ఆధారం లేదు.

ఎదురింటి అబ్బాయి దించుకున్న ఫైల్లో మాత్రం 1025 వరుసలున్నాయి. 303 మంది 1025 ఎట్లా అయ్యారు? ల్యాప్‌టాప్ తెరవమని చెప్పి, ఈ నాలుగు ముక్కలు టైప్ చేయించాను.

```python
import pandas as pd
df = pd.read_csv("heart.csv")
print(len(df), df.duplicated().sum())
print(len(df.drop_duplicates()))
```

మొదటి వరుసలో 1025, 723 అని వచ్చాయి. రెండో వరుసలో 302. అంటే ఈ ఫైల్లో ఉన్నది 302 మందే, ఆ 303లో ఒకరు దారిలో తప్పిపోయారు, మిగిలిన 723 వరుసలూ వాళ్ల నకళ్లే. ఓటర్ల జాబితాలో ఒకే మనిషి మూడు బూత్‌లలో ఉన్నట్టు, సగటున ఒక్కో గుండె మూడుసార్లు కొట్టుకుంటోంది.

దీంతో ఏమవుతుందంటే, ఫైల్లో 80 శాతం మోడల్‌కు నేర్పడానికి, 20 శాతం పరీక్ష పెట్టడానికి విడదీస్తారు. 1025లో 20 శాతం 205 వరుసలు. నకళ్లు తీసేయకుండా కలిపి విడదీస్తే, పరీక్షకు వచ్చిన 205లో దాదాపు అన్నింటి కవలలూ నేర్పిన భాగంలోనే ఉంటాయి. రేపటి ప్రశ్నపత్రం ఈ రాత్రే బట్టీపట్టించి, పొద్దున మార్కులు చూసి పొంగిపోయినట్టు. అందుకే 205లో 202 సరిగ్గా చెప్పింది. 202ను 205తో భాగిస్తే 98.54 శాతం. మోడల్ జబ్బును కనిపెట్టలేదు, ముఖాలు గుర్తుపట్టింది. నిజానికి ఇన్ని కవలలుండగా కూడా ముగ్గురి దగ్గర తప్పటమే విచిత్రం.

నకళ్లు తీసేసి మళ్లీ నడిపించాం. ఇప్పుడు పరీక్షకు మిగిలింది 61 మంది. వాళ్లలో జబ్బు లేనివాళ్లు 33, ఉన్నవాళ్లు 28. మోడల్ 50 మంది విషయంలో సరిగ్గా చెప్పింది, అంటే 82 శాతం. అబ్బాయి ముఖం వాడిపోయింది. అప్పుడు ఇంకో చిన్న లెక్క చేయమన్నాను. ఏ మోడలూ లేకుండా, వచ్చినవాళ్లందరికీ "నీకేం లేదు పోప్పా" అని చెప్పే ఆచారి ఒకడున్నాడనుకుందాం. వాడికి కూడా 61లో 33 సరిపోతాయి, 54 శాతం. కాబట్టి 82ను పోల్చాల్సింది 100తో కాదు, ఈ 54తో. పక్కన ఆచారిని నిలబెట్టకపోతే రెజ్యూమెలో ఏ శాతానికీ ఎత్తు తెలియదు.

తప్పిన 11 మంది ఎవరని చూస్తే, ఆరుగురు జబ్బు లేకుండానే ఉందని అనిపించుకున్నవాళ్లు. వాళ్లకు ఒక ఈసీజీ ఖర్చు, రెండు రాత్రుల టెన్షన్. మిగిలిన ఐదుగురు జబ్బున్నా ఇంటికి పంపేయబడ్డవాళ్లు. గుండె జబ్బు ప్రాజెక్టులో ఇంటర్వ్యూ చేసేవాడు నిజంగా వినాలనుకునేది ఈ ఐదుగురి గురించే, 28లో 23 మందిని మోడల్ పట్టుకుందా లేదా అని. మొత్తం శాతం ఒక్కటే రాస్తే ఈ ఐదుగురూ దాని వెనక్కి వెళ్లి కూర్చుంటారు.

పనిలో పనిగా 81.97 అని రాయబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. 61 మందిలో ఒక్క మనిషి అటు ఇటు అయితే ఒకటిన్నర శాతానికి పైగా మారిపోతుంది. ఇంకో రకంగా విడదీస్తే నాలుగైదు శాతం కూడా తేడా రావచ్చు. అంత చిన్న గుంపు మీద దశాంశాలు పెట్టడం బంగారం తూచే త్రాసులో వేరుశనగ మూటను తూచడమే. 82 చాలు, పక్కన 61 మంది అని ఉంటే మరీ మంచిది.

అన్ని ప్రాజెక్టులకూ ఇలాంటి శాతాలు దొరకవు. హాస్టల్ మెస్ లెక్కల యాప్ చేసినవాడు కోట్ల ఆదాయం చూపించనక్కర్లేదు. ఎంతమంది వాడారు, ఎన్ని నెలలు, ఎందుకు ఆపేశారు అన్నవి రాస్తే చాలు. అసలు ఎవరూ వాడకపోతే? "డెమో వరకే" అని రాయొచ్చు. ఆ రెండు మాటలు రాసినవాడిని నేను ఇంతవరకు చూడలేదు. చూస్తే ఇంటర్వ్యూకి పిలవకుండా ఉండలేను.

చివరికి ఎదురింటి అబ్బాయి రాసిన వాక్యం ఇది: "1025 వరుసల ఫైల్లో 723 నకళ్లు గుర్తించి తీసేశాను, మిగిలిన 302లో 61 మందిపై పరీక్షిస్తే 50 సరైనవి, అందరికీ జబ్బు లేదని చెబితే వచ్చేవి 33, జబ్బున్న 28 మందిలో 23 మందిని గుర్తించింది." టీమ్ లీడర్ పోయి, "డేటా శుభ్రం చేయడం, మోడల్ పరీక్షించడం నా భాగం" అని వచ్చింది. నాలుగు వాక్యాలు రెండయ్యాయి. రెండు పేజీల రెజ్యూమె ఒకటిన్నర పేజీకి దిగింది.

మరుసటి రోజు పొద్దున్నే వాళ్ల నాన్న కాగితం చేతబట్టుకుని మా గేటు దగ్గర నిలబడ్డాడు. ముఖం బాగాలేదు.

"ఏమప్పా, నీ దగ్గరికి పంపితే బాగు చేస్తావనుకుంటి. మొన్నటిదాకా 98 ఉన్న పిల్లోడు 82కి దిగిపాయ. వీని జతలో చేసిన ముగ్గురికీ ఇంకా 98 ఉండాదంట కదా?"