నోటి పంపకాలను కోర్టులు అనుమానించడం సబబే

ఆస్తి తగాదా కోర్టుకెక్కగానే "నాన్న ఉన్నప్పుడే నోటిమాటగా పంచేశారు" అనే వాదన లేస్తుంది. ఎప్పుడు లేస్తుందో చూడండి, చాలాసార్లు ఆడపిల్ల వాటా అడిగిన తర్వాతే.

నోటి దానం సంగతి త్వరగానే తేలిపోతుంది. ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దానానికి ఇద్దరు సాక్షులు సంతకం చేసిన రిజిస్టర్డ్ దస్తావేజు కావాలి. ముస్లింలు చేసే దానం, అంటే హిబాకు 129వ సెక్షన్ మినహాయింపు ఉంది. అక్కడా స్వాధీనం అప్పగించినట్టు చూపించాలి.

చిక్కంతా నోటి పంపకాలతోనే, ఎందుకంటే చట్టం వాటిని పూర్తిగా కాదనలేదు. ఆరెకరాల పొలం, ఇద్దరు అన్నదమ్ములు, ఒక అక్క అనుకుందాం. అక్క 2018లో దావా వేసింది. 1996లోనే పంచుకున్నామంటూ తమ్ముళ్లు ఒక స్టాంపు పేపరు తెచ్చారు. అందులో "ఈ రోజు పెద్దల సమక్షంలో ఈ విధంగా పంచుకుంటున్నాము" అని ఉంది. ఆ ఒక్క మాటతో కేసు సగం పోయినట్టే. అప్పటికప్పుడు హక్కులు పంచే కాగితం రిజిస్టర్ కాకపోతే పంపకానికి రుజువుగా పనికిరాదు. అదే "పోయిన ఉగాదికి పంచుకున్నాం, గుర్తుకోసం రాసుకుంటున్నాం" అని ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని ఇప్పుడు పాత తేదీతో రాయించుకుంటే పేపరు వెనక స్టాంపు వెండరు వేసిన తేదీయే పట్టించేస్తుంది.

కాగితం పోయినా దారి మూసుకుపోదు. 1997 నుంచి పహాణీలో ఎవరి భాగం వారి పేరున ఉందా? సొసైటీలో పంటరుణం విడివిడిగా తీసుకున్నారా? పక్క రైతు 2001లో అమ్ముకున్న దస్తావేజులో హద్దుగా "తూర్పు: చిన్నవాడి భాగం" అని పడిందా? నా లెక్కలో ఈ చివరిదే అన్నిటికన్నా గట్టిది, ఈ తగాదా వస్తుందని ఆ పక్క రైతు కలగనలేదు కదా. పహాణీ ఒక్కటే అయితే యాజమాన్య హక్కు రుజువు కాదు. ఇవన్నీ ఒకే కథ చెప్పాలి.

పల్లెల్లో తరతరాలుగా మాట మీదే పంచుకున్నారు, రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరు భరిస్తారు అంటారు కొందరు. నిజమే. కానీ ఆ పెద్దమనుషుల పంచాయితీలో అక్కను ఎక్కడ కూర్చోబెట్టారు?

అసలు గొడవ ఇక్కడుంది. కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చిన హిందూ వారసత్వ చట్టం 2005 సవరణ, 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాల జోలికి పోలేదు. దాంతో ఆ తేదీకి ముందే పంచేసుకున్నామనడం చాలామందికి అలవాటైంది. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన వినీతా శర్మ తీర్పు ఈ దారికి అడ్డుకట్ట వేసింది. నోటి సాక్ష్యం ఒక్కటే చాలదని, అరుదైన సందర్భాల్లో, అదీ ప్రభుత్వ రికార్డుల బలం ఉంటేనే నోటి పంపకాన్ని ఒప్పుకోవచ్చని తేల్చింది. పై కేసులో తమ్ముళ్ల దగ్గర పాత పహాణీలు, రుణ పత్రాలు లేకపోతే, పదిమంది సాక్షులు బోనెక్కినా అక్క వాటా అక్కకే దక్కాలి.