మా అమ్మ వేలూ, నా ఫ్లిప్‌ఫ్లాపూ

నిన్న సాయంత్రం పర్లాకిమిడిలో, మా అక్క ఇంట్లో, ఒక పుష్ బటన్ నా పరువు తీసింది.

మేనల్లుడు డిప్లమో చదువుతున్నాడు. లాచ్, ఫ్లిప్‌ఫ్లాప్ రెండూ ఒక బిట్ దాచుకుంటాయని వాడి ల్యాబ్ రికార్డులో ఒకే వాక్యం. పక్కన స్కేలు పెట్టి గీసిన తిన్నని క్లాక్ బొమ్మ. ఆ రెండింటికీ తేడా చూపిస్తానని కూర్చున్నాను. ఆ బొమ్మే నా కొంప ముంచింది.

లాచ్ చిటికెలో అయిపోయింది. 7475 చిప్ పెట్టి, "ఎనేబుల్ అంటే వీధి తలుపు. తెరిచినంతసేపూ డీ అనే ఇన్‌పుట్ దగ్గర ఏముంటే క్యూ అనే అవుట్‌పుట్‌లో అదే. మూసేసరికి లోపలున్నది లోపలే. ఇది లెవెల్ ట్రిగ్గరింగ్" అన్నాను. వాడు తలూపాడు.

"ఫ్లిప్‌ఫ్లాప్ ఫొటోగ్రాఫర్ రా. క్లాక్ సున్నా నుంచి ఒకటికి ఎక్కే క్షణంలో డీ ఎలా ఉంటే అదే ఫొటో. ఆ తర్వాత బటన్ పట్టుకుని కూర్చున్నా చూడదు. ఇది ఎడ్జ్." 7474 చిప్‌లో క్యూకి ఎప్పుడూ ఎదురుగా ఉండే క్యూ బార్‌ని తెచ్చి డీకి కలిపాను, పుష్ బటన్‌ని క్లాక్‌కి కలిపాను. ఒకసారి నొక్కితే ఎల్‌ఈడీ వెలగాలి, మళ్లీ నొక్కితే ఆరాలి.

నొక్కాను, వెలిగింది. నొక్కాను, ఆరింది. గొంతు సవరించుకుని మూడోసారి నొక్కాను. చలనం లేదు. నాలుగోసారీ లేదు. "హెలా నాహిఁ మావయ్యా" అన్నాడు వాడు ఒడియాలో, అవలేదని. మా బావగారు పేపరు దించి, "నువ్వు నొక్కితేనే ఇలానా, ఎవరు నొక్కినా ఇంతేనా?" అని ఎంతో మర్యాదగా అడిగారు. దాంతో బ్రెడ్‌బోర్డు గుళ్లో గంటయిపోయింది. ఆయన నొక్కారు, అక్క టీ గ్లాసు పక్కన పెట్టి నొక్కింది, ఎవరికీ కుదరలేదు. చివరికి అమ్మ చేయి కొంగుకి తుడుచుకుని వచ్చి నొక్కింది. వరసగా ఆరుసార్లు తప్పకుండా మారింది! "మెల్లిగా నొక్కాలిరా, చిన్నప్పటినుంచీ నీకు తొందరే" అంది.

కారణం రాత్రి పక్క మీద గాని తట్టలేదు. బటన్ లోపలి రేకులు ఒక్కసారిగా అతుక్కోవు, కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడతాయి. మన కంటికి అది ఒక నొక్కు. నానోసెకన్లలో పనిచేసే చిప్‌కి మాత్రం ఎన్నిసార్లు ఎగిరితే అన్ని క్లిక్కులు. మూడు పడితే ఎల్‌ఈడీ మారుతుంది. రెండు పడితే మారి, వెంటనే మళ్లీ మొదటికొస్తుంది, మనకేమో కదలనట్టే ఉంటుంది. లాచ్‌లో ఈ గోల బయటపడలేదంటే, డీ కదలకుండా ఉన్నప్పుడు తలుపు ఎన్నిసార్లు కొట్టుకున్నా లోపలికొచ్చేది ఆ ఒక్కడే కనక. ఎడ్జ్ అంటే ఏమిటో ఇంతకన్నా బాగా చూపించే ప్రయోగం లేదు. ఆ ముక్క అప్పుడే అని ఉంటే సరిపోయేది!

పొద్దున్నే ఫోన్ చేసి, ఆ ఎగురుడు చిప్‌దాకా పోకుండా టూ వే స్విచ్ తెచ్చి రెండు నాండ్ గేట్లతో ఒక లాచ్ కట్టి క్లాక్‌కి ముందు పెట్టమన్నాను.

"ఎందుకు మావయ్యా, అమ్మమ్మ ఇంకో వారం ఇక్కడే ఉంటుందిగా" అన్నాడు.