గ్రీన్‌లాండ్ కోసం బల్ల ఎక్కిన లెక్కల మాష్టారు

ఉద్యోగ విరమణ చేసి ఆరేళ్ళయినా, ఎదురింటి శ్రావణి పదో తరగతికి వచ్చిన నాటి నుంచి నాకు మళ్ళీ అనధికారికంగా ఉద్యోగం ఇచ్చినట్టయింది. సోషల్ ప్రాజెక్టు కోసం ప్రపంచ పటం ఫోటో కావాలని ఆ అమ్మాయి అడిగితే, నేను పూర్వం పనిచేసిన బడికి వెళ్ళి, నల్లబల్లకు పైన ఎత్తుగా వేలాడుతున్న పాత గోడపటాన్ని కింద నుంచి, తల వెనక్కి వాల్చి, ఫోనుతో ఒక ఫోటో తీసి ఇచ్చాను. పని అంతటితో అయిపోయిందనుకున్నాను.

మర్నాడు సాయంత్రం శ్రావణి గ్రాఫ్ కాగితంతో వచ్చింది. జిరాక్సు షాపులో ఆ ఫోటోను ఏ4 కాగితం మీద అచ్చు వేయించి, దేశాల అంచులను గ్రాఫ్ కాగితం మీదికి ఎత్తి గీసి, మిల్లీమీటరు గడులు లెక్కపెట్టిందట. భారతదేశానికి సుమారు 150 గడులు, గ్రీన్‌లాండ్‌కు సుమారు 950 గడులు వచ్చాయట. "మాష్టారూ, మన దేశం గ్రీన్‌లాండ్‌లో ఆరుసార్లు పట్టేటట్టుంది. కానీ మా పుస్తకంలో మన వైశాల్యం 32.87 లక్షల చదరపు కిలోమీటర్లని ఉంది, గ్రీన్‌లాండ్‌కు 21.66 లక్షలే. మనమే ఒకటిన్నర రెట్లు పెద్ద కదా! పుస్తకం తప్పా, మీ ఫోటో తప్పా?" అని అడిగింది.

ముప్పై ఏళ్ళ పాటు పిల్లల తప్పులు దిద్దిన మనిషికి తన తప్పు ఒప్పుకోవడం కంటే ఫోను తప్పు ఒప్పుకోవడం సులువు. "కింద నుంచి తీశాను కదమ్మా, కెమెరా వంగడం వల్ల పైభాగం సాగిపోయి ఉంటుంది. రేపు నిటారుగా తీసి ఇస్తాను" అని గంభీరంగా సెలవిచ్చాను. అలా అన్నప్పుడు నేను ఒక్క క్షణం ఆలోచించి ఉంటే, కింద నుంచి చూసేవాడికి పటం పైఅంచు దూరంగా ఉంటుందనీ, దూరంగా ఉన్నది కెమెరాకు చిన్నదిగా కనబడుతుందే తప్ప పెద్దదిగా కనబడదనీ తట్టి ఉండేది. అంటే నా వంకర ఫోటో గ్రీన్‌లాండ్‌ను పెంచలేదు సరికదా, పాపం కొంత తగ్గించింది కూడా. ఈ సత్యం నాకు మర్నాడు బల్ల మీద నుంచున్నాక తెలిసింది.

బడి అటెండరు బల్ల తెచ్చి గోడ పక్కన వేశాడు. ఆ బల్లకు నాలుగు కాళ్ళున్నా నేల మీద ఆనేవి మూడే. పటం నడిమధ్యకు ఫోను తిన్నగా ఎదురుగా ఉండాలని, కొంచెం వెనక్కి జరిగి, మోకాళ్ళు కాస్త వంచి, శ్వాస బిగబట్టి ఫోటో తీశాను. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. రెండోది తీద్దామని కదలగానే నాలుగో కాలు తన నేలను వెతుక్కుంది, నేను పటాన్ని పట్టుకున్నాను, పటం మేకును వదిలేసింది. కింద పడ్డాక నా తల మీద పటం కింది కర్ర, ఒళ్ళో రష్యా ఉన్నాయి. దెబ్బ పెద్దగా తగలలేదు. కిటికీలోంచి చూసిన ఎనిమిదో తరగతి పిల్లల నవ్వు మాత్రం కొంచెం లోతుగానే తగిలింది.

ఇంత కష్టపడి తెచ్చిన తిన్నని ఫోటోను శ్రావణి మళ్ళీ అచ్చు వేయించి గడులు లెక్కపెట్టింది. భారతదేశానికి మళ్ళీ 150 వచ్చాయి. గ్రీన్‌లాండ్‌కు 1,410 వచ్చాయి.

"మాష్టారూ, మీరు బల్ల ఎక్కాక ఇంకా పెరిగింది" అంది.

అప్పుడు కళ్ళజోడు తుడుచుకుని రెండు అచ్చులనూ పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి దానిలో నిలువుగా ఉండవలసిన రేఖాంశాలు పైకి పోయే కొద్దీ ఒకదాని వైపు ఒకటి వాలి ఉన్నాయి. అది కెమెరా వంపు చేసే పని, దాన్ని ఆ వాలుతోనే పట్టుకోవచ్చు. రెండో దానిలో రేఖాంశాలన్నీ కిటికీ చువ్వల్లా సమాంతరంగా ఉన్నాయి కాబట్టి కెమెరా మీద నేరం మోపడానికి వీలు లేదు. కానీ అడ్డంగా ఉన్న అక్షాంశాల మధ్య దూరం స్కేలు పెట్టి కొలిస్తే అసలు సంగతి బయటపడింది. పది డిగ్రీలకు ఒక గీత ఉన్న ఆ పటంలో భూమధ్యరేఖ నుంచి మొదటి గీతకు 7 మిల్లీమీటర్లు, 60 నుంచి 70 డిగ్రీలకు సుమారు 17, 70 నుంచి 80కి 28 మిల్లీమీటర్లు ఉన్నాయి. భూమి మీద ఈ పది డిగ్రీల అడుగులన్నీ ఎక్కడైనా సుమారు 1,110 కిలోమీటర్లే. కనుక సాగదీసింది ఫోటో కాదు, పటం గీసినవాడు. ఆయన పేరు గెరార్డస్ మెర్కేటర్, సాగదీసిన సంవత్సరం 1569.

"ఎందుకు సాగదీశాడండీ?" అని శ్రావణి అడిగింది. అప్పుడే మా శ్రీమతి మనవరాలి పరికిణీకి బొందు ఎక్కిస్తూ వరండాలో కూర్చుని ఉంది. నేను ఆ పరికిణీని అడిగి తీసుకుని నడుము దగ్గర బొందు బిగించాను. కింది అంచు ఘేరు భూమధ్యరేఖ అనుకోమన్నాను, నడుము ధ్రువం వైపు అక్షాంశం అనుకోమన్నాను. గ్లోబు మీద భూమధ్యరేఖ చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. 60 డిగ్రీల దగ్గర చుట్టూ తిరిగి వస్తే అందులో సగం, 20,000 కిలోమీటర్లే. ఎందుకంటే ఏ అక్షాంశ వృత్తమైనా భూమధ్యరేఖకు ఆ అక్షాంశపు కోసైన్ అంత ఉంటుంది, 60 డిగ్రీల కోసైన్ సగం. కానీ పటంలో అన్ని గీతలూ ఒకే పొడవున, ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా సాగుతున్నాయి. అంటే నడుమును బలవంతంగా ఘేరు అంత వెడల్పు చేశారన్నమాట. పరికిణీలో కుచ్చిళ్ళ లోపల బట్ట దాగి ఉంటుంది కాబట్టి బొందు వదిలితే చాలు. భూమికి కుచ్చిళ్ళు లేవు, ఉన్న నేలనే రెండింతలు లాగాలి. (నా ఉపమానం ఇక్కడ చిరిగిందని నేనే ఒప్పుకుంటున్నాను. పరికిణీ చిరగక ముందే శ్రీమతి వచ్చి తీసుకుపోయింది.)

అడ్డంగా మాత్రమే లాగితే 60 డిగ్రీల దగ్గరి దేశాలు అట్లపెనం మీద పలచగా తిప్పిన దోసెలా అడ్డంగా పరుచుకుని ఆకారం చెడిపోయేవి. మెర్కేటరు గారు ఏ చోట అడ్డంగా ఎంత లాగారో, ఆ చోట నిలువుగానూ అంతే లాగారు. అందువల్ల కోణాలు చెడవు. కోణాలు చెడకపోవడమే ఆయనకు కావలసింది, ఎందుకంటే ఆ పటం బడిపిల్లల కోసం గీసింది కాదు, నావికుల కోసం గీసింది. దిక్సూచి చూపే ఒకే దిక్కును పట్టుకుని పోయే ఓడ దారి గ్లోబు మీద వంపు తిరుగుతుంది గానీ, ఈ పటం మీద స్కేలు పెట్టి గీసిన తిన్నని గీతే అవుతుంది. ఓడ నడిపేవాడికి గ్రీన్‌లాండ్ ఎన్ని గడులన్నది అక్కర లేదు, ఎటు తిప్పాలన్నదే కావాలి. అతని పనిముట్టును తరగతి గోడకు తగిలించి దేశాల సైజులు నేర్పడం, మంచం పట్టెతో చొక్కా కొలవడం వంటిదని నా అభిప్రాయం. ఆ పటం కిందే ముప్పై ఏళ్ళు నుంచుని పాఠం చెప్పిన నాకు ఈ అభిప్రాయం ఇప్పుడు కలగడం వేరే విషయం.

రెండు వైపులా లాగినందువల్ల వైశాల్యం రెండుసార్లు పెరుగుతుంది. 60 డిగ్రీల దగ్గర పొడవు రెండింతలు, వెడల్పు రెండింతలు, మొత్తం నాలుగింతలు. శ్రావణి కోసైన్ పట్టిక తీసి, "అయితే ఏ గడిని ఎంతతో భాగించాలో తెలిస్తే అసలు సైజు వస్తుంది కదా మాష్టారూ?" అంది. నేను చెప్పవలసిన మాట తనే చెప్పింది, కనుక తల ఊపి పాఠం చెప్పినట్టు ముఖం పెట్టాను.

గ్రీన్‌లాండ్‌ను మూడు పట్టీలుగా విడదీశాము. 60 నుంచి 70 డిగ్రీల పట్టీలో 180 గడులు, 70 నుంచి 80 పట్టీలో 830, ఆ పైన 400 ఉన్నాయి. మొదటి పట్టీకి నడుమ ఉన్నది 65 డిగ్రీలు, ఒకటిని దాని కోసైన్‌తో రెండుసార్లు భాగిస్తే అక్కడ ఒక చోటు దాదాపు 5.6 రెట్లు ఉబ్బుతుందని తేలింది. కాబట్టి 180 గడులు నిజానికి 32. రెండో పట్టీకి 75 డిగ్రీల దగ్గర ఉబ్బు 15 రెట్లు, అక్కడి 830 గడులు 55 అయ్యాయి. పైభాగానికి 82 డిగ్రీలు తీసుకుంటే ఉబ్బు 52 రెట్లు, 400 గడులు ఎనిమిదికి కుదించుకుపోయాయి. మొత్తం 95. అంటే పటం మీద అంత దర్జాగా కూర్చున్న ఉత్తరపు కొస, నిజానికి మొత్తంలో సుమారు పన్నెండో వంతే. మన దేశానికి 22.5 డిగ్రీల దగ్గర ఉబ్బు సుమారు 1.17 రెట్లే, 150 గడులు 128కి దిగాయి.

"128ని 95తో భాగిస్తే 1.35 వచ్చింది. పుస్తకంలో 1.5 కదండీ?" అంది, వదలకుండా. పది డిగ్రీల పట్టీ అంతటికీ ఒకే అంకె వాడాము, కానీ గ్రీన్‌లాండ్ కింది పట్టీలో దక్షిణాన కొస సన్నగా ఉంటుంది, గడులు ఎక్కువగా ఉత్తరపు సగంలోనే ఉంటాయి, వాటిని ఇంకా పెద్ద సంఖ్యతో భాగించాలి. పట్టీలను సన్నగా కోస్తే జవాబు 1.5కు దగ్గర పడుతుందని చెప్పాను. గడులు లెక్కపెట్టడంలోనూ అంచుల దగ్గర తలా కొంత పొరబడి ఉంటామని కూడా చెప్పాను గానీ, ఆ పొరబాటు తనది కాదన్నట్టు చూసింది.

మర్నాడు పటాన్ని తిరిగి మేకుకు తగిలించడానికి ఇద్దరం బడికి వెళ్ళాము. అటెండరు ఈసారి బల్లను తనే పట్టుకుని, తనే ఎక్కాడు. శ్రావణి పటం పైఅంచు వైపు చూసి, "మాష్టారూ, ఈ పటం 84 డిగ్రీల దగ్గర తెగిపోయింది. ఉత్తర ధ్రువం ఎక్కడుంది?" అని అడిగింది.

"90 డిగ్రీల కోసైన్ సున్నా కదమ్మా. ధ్రువం ఒక బిందువు, దానికి చుట్టుకొలతే లేదు. దాన్ని పటం వెడల్పు అంత చేయాలంటే ఎన్ని రెట్లు లాగినా చాలదు. నిలువుగా కూడా అంతే లాగాలి కాబట్టి ఈ పటం పైకి పోతూనే ఉంటుంది. ధ్రువం చూపించాలంటే గోడ దాటి, కప్పు చీల్చుకుని, ఇంకా పైకి పోయినా చివర అంటూ రాదు" అన్నాను.

అటెండరు మేకు బిగించి బల్ల దిగి, దాన్ని చంకన పెట్టుకుని, "కప్పు పైకి మాత్రం నేను రానండి మాష్టారూ" అని స్టోరు రూము వైపు వెళ్ళిపోయాడు.