ఏది ఎక్కువ మన్నుతుంది? సగటు దాచేది, ఒకే U బయటపెట్టేది

పాత రకం బేరింగు సగటున 2 ఏళ్లు మన్నుతుంది, కొత్త రకం సగటున రెండున్నర ఏళ్లు. ఈ రెండు అంకెలు చూసి ‘కొత్తదే మేలు’ అని తేల్చేసే నివేదికలకు కొదవ లేదు. ఆ తీర్పు నిజమే కావచ్చు, కాకపోనూవచ్చు. సగటు అన్నది మొత్తం విభాజనాన్ని ఒకే అంకెలోకి కుదించేస్తుంది కాబట్టి, ఆ అంకె ఒక్కటీ చూసి దీన్ని చెప్పలేం. మొదటి ఏడాదిలోనే పాడయ్యేవి ఎన్ని అన్న ప్రశ్నకు అందులో జవాబు ఉండదు. యంత్రం నడిపేవారికి చాలాసార్లు కావలసింది ఆ జవాబే.

‘Y అన్నది X కన్నా పెద్దది’ అనే మాటకు యాదృచ్ఛిక చలరాశుల విషయంలో ఒక కచ్చితమైన అర్థం ఉంది. దాన్నే స్టొకాస్టిక్ డామినెన్స్, తెలుగులో ఆధిక్యం, అంటారు. ఏ హద్దు x తీసుకున్నా, ఆ హద్దు దాటే సంభావ్యత Y కి కనీసం X కి ఉన్నంత ఉండాలి. సంచిత ప్రమేయాల భాషలో, X ది F, Y ది G అనుకుంటే, ప్రతి x దగ్గరా G(x) ≤ F(x) కావాలి. మొదటిసారి చూసేవారు తడబడేది ఇక్కడే. పెద్ద చలరాశికి చిన్న సంచిత ప్రమేయం ఉంటుంది. F(x) చెప్పేది x లోపే ముగిసిపోయే సంభావ్యతను కదా, ఎక్కువ మన్నేదానికి అది తక్కువగానే ఉంటుంది. గ్రాఫులో పైన కనిపించే గీతే గెలిచినట్టు చదివితే తీర్పు తలకిందులవుతుంది.

లెక్క తేలికగా ఉండేందుకు మన్నిక 1, 2, 3, 4 ఏళ్లలో ఏదో ఒకటే అనుకుందాం. పాత బేరింగు X ఆ విలువలను వరుసగా 0.4, 0.3, 0.2, 0.1 సంభావ్యతలతో తీసుకుంటుంది. కొత్తది Y కి అవి 0.2, 0.3, 0.3, 0.2. కూడుకుంటూ పోతే F విలువలు 0.4, 0.7, 0.9, 1 అవుతాయి. G విలువలు 0.2, 0.5, 0.8, 1. నాలుగు చోట్లా G ఎక్కడా F ని మించలేదు కాబట్టి Y ది ఆధిక్యం. సగటులు 2, 2.5 అన్నది దాని వెంట వచ్చే ఫలితం మాత్రమే.

ఇప్పుడు అసలు చమత్కారానికి వద్దాం. పాత బేరింగు ఒకటి, కొత్త బేరింగు ఒకటి యాదృచ్ఛికంగా తీసి, విడివిడి యంత్రాల్లో పెట్టామనుకోండి. రెండూ స్వతంత్రాలైతే పాతదే ఎక్కువ మన్నే అవకాశం ఎంత? X 2 అయి Y 1 అయ్యేది 0.3 × 0.2, అంటే 0.06. X 3 అయి Y అంతకన్నా తక్కువయ్యేది 0.2 × 0.5, అంటే 0.10. X 4 అయితే 0.1 × 0.8, అంటే 0.08. మొత్తం 0.24. దాదాపు నాలుగు జతల్లో ఒకదానిలో ‘చిన్నదే’ గెలుస్తుంది. దీన్ని చూసి ఆధిక్యం తప్పని కొందరు అనుకుంటారు. ఆధిక్యం ఉందంటే Y ఎప్పుడూ గెలవాలని మరికొందరు అనుకుంటారు. రెండూ పొరపాటే. F, G లు ఒక్కో చలరాశి గురించి విడిగా చెబుతాయి. రెండూ కలిసి ఎలా నడుస్తాయన్న దాని గురించి వాటిలో ఒక్క అక్షరం లేదు.

ఆ ఖాళీని మనకు నచ్చినట్టు పూరించుకునే హక్కు మనకుంది. కప్లింగ్ అంటే అదే. రెండు విభాజనాలనూ చెక్కుచెదరనివ్వకుండా, రెండింటినీ ఒకే యాదృచ్ఛికత నుంచి పుట్టించడం. 0, 1 ల మధ్య ఏకరూపంగా ఉండే ఒకే U తీసుకుందాం. ఏ u వచ్చినా, F(x) ≥ u అయ్యే అతి చిన్న x ని X విలువగా తీసుకోవాలి. అదే u తో, G(x) ≥ u అయ్యే అతి చిన్న x ని Y విలువగా తీసుకోవాలి. ఇలా తీసిన X విలువ x కి మించకపోవడం, u అన్నది F(x) కి మించకపోవడం ఒకటే విషయం. U ఏకరూపం కాబట్టి దాని సంభావ్యత సరిగ్గా F(x). అంటే X విభాజనం చెదరలేదు, Y ది కూడా అంతే.

మన అంకెల్లో ఇది ఇలా నడుస్తుంది. u 0.2 వరకు ఉంటే రెండూ 1. 0.2 దాటి 0.4 వరకు X ఇంకా 1 దగ్గరే ఉంటుంది, Y 2 కి వెళ్లిపోతుంది. 0.5 వరకు రెండూ 2. 0.7 వరకు X 2, Y 3. 0.8 వరకు రెండూ 3. 0.9 వరకు X 3, Y 4. ఆపైన రెండూ 4. ఏడు ముక్కల్లో ఒక్కచోట కూడా X ముందుకు పోలేదు. సగం సంభావ్యతతో రెండూ సమానం, మిగతా సగంలో Y సరిగ్గా ఒక ఏడాది ఎక్కువ. ఇందాకటి 0.24 ఇక్కడ సున్నా అయింది.

ఇది ఈ అంకెల అదృష్టం కాదు. G ఎక్కడా F ని మించకపోతే, G(x) ≥ u అయ్యే ప్రతి x దగ్గరా F(x) ≥ u కూడా అవుతుంది. అందువల్ల F ఆ మట్టాన్ని G కన్నా ముందే, లేదా దానితో పాటే అందుకుంటుంది. అంటే ప్రతి u కీ X ≤ Y. సంభావ్యతల మధ్య ఉన్న అసమానత మామూలు సంఖ్యల మధ్య అసమానతగా మారిపోయింది. ఇక h ఏ తగ్గని ప్రమేయమైనా ప్రతి u దగ్గరా h(X) ≤ h(Y), కాబట్టి సగటులు ఉన్నంతవరకు వాటిదీ అదే వరుస. సమాకలనాలతో కుస్తీ పట్టాల్సిన పని లేదు. తరగతిలో ఈ నిర్మాణాన్ని చివర అనుబంధంలా చెప్పి వదిలేయడం నాకెప్పుడూ నచ్చదు. నిర్వచనం చెప్పిన మరుక్షణం చెప్పాల్సిన సంగతి ఇది.

సగటు ఎలా మోసం చేస్తుందో కూడా ఇదే పద్ధతి చూపిస్తుంది. మూడో రకం బేరింగు Z ఉందనుకోండి, సంభావ్యతలు 0.45, 0.05, 0.1, 0.4. సగటు 2.45, పాతదాని కన్నా బాగా ఎక్కువ. కానీ 1 దగ్గర దాని సంచిత విలువ 0.45, F ది 0.4. గీతలు ఒకదాన్నొకటి దాటాయి. u 0.4, 0.45 ల మధ్య పడితే X 2 అవుతుంది, Z 1 దగ్గరే ఆగిపోతుంది. వేరే కప్లింగ్ ఏదైనా తెలివిగా కడితే ఇది సర్దుకుంటుందా అంటే, సర్దుకోదు. ఎప్పుడూ X ≤ Z అయితే, Z 1 అయిన ప్రతిసారీ X కూడా 1 కావాలి. అప్పుడు 0.45 అన్నది 0.4 కి మించకూడదు, మించింది. ఏడాది దాటి మన్నడమే మీకు ముఖ్యమైతే పాతదే నయం, 0.6 కి 0.55. నాలుగో ఏడు దాకా రావడం ముఖ్యమైతే Z కి పోటీ లేదు. ఇక్కడ ‘ఏది మేలు’ అన్న ప్రశ్నకు అవసరం చెప్పకుండా జవాబు లేదు.

కప్లింగ్‌ను ఎదురు దిశలో వాడితే ఇంకా లాభం. సంచిత ప్రమేయాలను లెక్కించడం కష్టమైన చోట, ముందు కప్లింగ్ కట్టి అసమానతను తర్వాత రాబట్టవచ్చు. పదేసి ప్రయత్నాల ద్విపద చలరాశులు రెండు తీసుకుందాం, ఒకదాని విజయ సంభావ్యత 0.3, రెండోదానిది 0.4. ప్రతి ప్రయత్నానికీ ఒక U తీసి, అది 0.3 కి మించకపోతే మొదటిదానికి విజయం, 0.4 కి మించకపోతే రెండోదానికి విజయం అనుకోండి. మొదటిది గెలిచిన ప్రతిచోటా రెండోదీ గెలుస్తుంది, కాబట్టి మొత్తంలోనూ వెనకబడదు. కనీసం 4 విజయాలు వచ్చే సంభావ్యతలు 0.3504, 0.6177. వాటి విలువలు కావాలంటే పట్టికలో చూడాలి, వాటి వరుస మాత్రం ఏ పట్టికా లేకుండానే తేలిపోయింది.

సిమ్యులేషన్‌లో దీని వల్ల దక్కేది నేరుగా కనిపిస్తుంది. Y, X ల తేడా సగటును అంచనా వేయాలంటే, స్వతంత్రంగా తీస్తే తేడా విస్తృతి 1 + 1.05, అంటే 2.05. ఒకే U తో తీస్తే తేడా 0 గానీ 1 గానీ, చెరి సగం, కాబట్టి విస్తృతి 0.25. అంతే కచ్చితత్వానికి ఎనిమిదో వంతు నమూనాలు చాలు.

```python
import numpy as np
u = np.random.default_rng(1).random(100000)
F = np.array([0.4, 0.7, 0.9, 1.0])
G = np.array([0.2, 0.5, 0.8, 1.0])
x = 1 + np.searchsorted(F, u)
y = 1 + np.searchsorted(G, u)
print((x > y).sum(), (y - x).mean())
```

మొదటి అంకె కచ్చితంగా 0 రావాలి. దాదాపు సున్నా వస్తే చాలదు. ఒక్కటి వచ్చినా కోడ్‌లో తప్పున్నట్టే. రెండోది 0.5 కి దగ్గరగా ఉండాలి. F ని చేత్తో రాయకుండా కూడికతో కట్టితే దశాంశాల గుండ్రింపు వల్ల చివరి విలువ 1 కి వెంట్రుకవాసి తక్కువ రావచ్చు. అప్పుడు ఎప్పుడో ఒక u దాన్ని దాటి, లేని ఐదో విలువను ఇస్తుంది. చివరిదాన్ని 1.0 గా పెట్టేయడం మంచిది.

ఎక్కువ మంది పడే గుంట ఇంకొకటుంది. రేటు 2, రేటు 1 ఉన్న ఎక్స్‌పొనెన్షియల్ చలరాశులకు ఒకే U వాడితే X = −ln(1−U)/2, Y = −ln(1−U). Y ప్రతిసారీ X కి సరిగ్గా రెట్టింపు. 1−U కూడా ఏకరూపమే కదా అని, ఒకదాంట్లో, ఉదాహరణకు Y లో, −ln(U) రాసేవారున్నారు. విడివిడిగా చూస్తే రెండు విభాజనాలూ సరిగ్గానే ఉంటాయి, ఏ హిస్టోగ్రామూ తప్పు పట్టదు. కానీ ఇప్పుడు ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. X దే పైచేయి అయ్యేది U² + U > 1 అయినప్పుడు, అంటే U దాదాపు 0.618 దాటినప్పుడు. ఆ సంభావ్యత 0.382. ఏ సంబంధమూ లేని స్వతంత్ర జతల్లో అది మూడో వంతే. స్వర్ణ నిష్పత్తి ఇక్కడ తొంగిచూడటం ముచ్చటగానే ఉంటుంది, మీ ప్రోగ్రాంలో తప్ప. రెండు ప్రోగ్రాంలకూ ఒకే సీడ్ ఇచ్చి ఊరుకున్నా ఇలాంటి చిక్కే. తిరస్కరణ పద్ధతితో విలువలు తీసే చోట ఒక్కో విలువకు ఖర్చయ్యే U ల సంఖ్య మారుతుంది, కొద్దిసేపట్లోనే రెండు వరుసలూ జారిపోతాయి. U లను ఒకసారి తీసి, రెండింటికీ చేతికివ్వాలి.

చేతిలో విభాజనాలు లేక, కొలిచిన అంకెలే ఉన్నప్పుడూ ఇదే పని చేయవచ్చు. రెండు రకాల నుంచీ సమాన సంఖ్యలో కొలతలు తీసి, రెండు వరుసలనూ చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి, మొదటిదానికి మొదటిదాన్ని, రెండోదానికి రెండోదాన్ని జతపరచండి. ఇది అనుభవిక సంచిత ప్రమేయాల మీద ఇందాకటి కప్లింగే. ప్రతి జతలోనూ కొత్తది వెనకబడకపోతే నమూనాలో ఆధిక్యం ఉన్నట్టు. చివరి ఒకటి రెండు జతల్లో మాత్రమే వరుస తిరగబడితే అది యాదృచ్ఛికం కావచ్చు, ఎందుకంటే కొసల్లో కొలతలు కొద్దిగానే ఉంటాయి. మొదటి జతల నుంచి వరసగా పది పన్నెండు తిరగబడితే, అది Z లాంటి సరుకేమో చూడాలి. ఈ జతలు మనం కట్టుకున్నవని మాత్రం మరవకూడదు. వాటిని ఒకే యంత్రంలో కొలిచిన జతలుగా భావించి జతల టి-పరీక్ష నడిపితే, లేని కచ్చితత్వం కాగితం మీద ప్రత్యక్షమవుతుంది.