‘చూద్దాం’ అన్న మాటకు పట్టిన గతి

మన ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు తట్టుకోని కష్టమంటూ లేదు. మొండి బకాయిలు వచ్చాయి, రుణమాఫీలు వచ్చాయి, గోదాముల్లోకి ఎలుకలు వచ్చాయి, పాలకవర్గాల్లోకి బావమరుదులు వచ్చారు. అన్నిటినీ ఓర్చుకుని నిలబడ్డాయి. కానీ కొన్నేళ్ల కిందట నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఉన్న ఒక సంఘంలో వచ్చిన ఆపద ఆ జాతిది కాదు. అక్కడి జూనియర్ క్లర్కు ఒకడు, సమావేశంలో ఏం తేల్చారో అదే మినిట్స్ బుక్కులో రాయడం మొదలుపెట్టాడు.

మొదటి నుంచీ అతను అలాంటివాడు కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో చాలా మంచి కుర్రాడు. దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. ఏ విషయం మీద ఎంతసేపు గొడవపడ్డా చివర్లో ‘కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అని ముగించేవాడు. ఆ వాక్యంలో ఎవరు చర్చించారో తెలియదు, ఏం చర్చించారో తెలియదు, రేపు ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలో అసలే తెలియదు. పదమూడు మంది డైరెక్టర్లు దాని నీడన హాయిగా నిద్రపోయేవారు.

ఆ డిసెంబరులో జరిగిన సమావేశానికి తొమ్మిది మంది వచ్చారు. ఎజెండాలో నాలుగో అంశం సంఘం గోదామును ఒక ధాన్యం వ్యాపారికి అద్దెకివ్వడం. గంటసేపు మాట్లాడుకున్నారు. ఒక డైరెక్టరు వద్దన్నాడు, వానాకాలం ఎరువులు ఎక్కడ పెడతారని అడిగాడు. ఇంకొకాయన రెండో అంశం అయ్యాక చాయ్ తాగొస్తానని వెళ్లి మళ్లీ కనపడలేదు, కానీ హాజరు పట్టీలో ఆయన సంతకం ఉంది. మొత్తానికి తేల్చింది ఇది: జనవరి నుంచి జూన్ దాకా ఆరు నెలలకే ఇవ్వాలి, అద్దె నెలకు 12,000 రూపాయలు, రెండు నెలల అడ్వాన్సు చేతికందాకే తాళాలు ఇవ్వాలి, ఒప్పందం సంగతి సీఈఓ చూసుకోవాలి.

మన కుర్రాడు మూడు రోజుల తర్వాత, గుర్తున్నంతవరకు రాశాడు: ‘గోదాము అద్దె విషయం కూలంకషంగా చర్చించి, నెలకు రూ.12,000 చొప్పున అద్దెకు ఇచ్చుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.’

ఆ వాక్యంలో అబద్ధం ఒక్కటే, ‘ఏకగ్రీవంగా’ అన్నది. మిగతా తప్పులన్నీ రాయకుండా వదిలేసినవి. గడువు లేదు, అడ్వాన్సు లేదు, ఎవరికిస్తున్నారో లేదు, ఎవరు అమలు చేయాలో లేదు. తర్వాతి నెల సమావేశంలో ‘గత మినిట్స్ చదివి ఆమోదించడమైనది’ అని ఇంకో వాక్యం దాని నెత్తిన ఎక్కింది. నిజానికి ఎవరూ చదవలేదు. చదివుంటే ఆ రోజే దొరికేది. గత మినిట్స్ చదవడం ఉన్నదే అందుకు. తీసుకున్న నిర్ణయం మంచిదా చెడ్డదా అని మళ్లీ తవ్వడానికి కాదు, రాసింది జరిగినట్టే ఉందా అని చూసుకోవడానికి. కానీ ఆ రోజు అందరికీ పెళ్లిళ్లున్నాయి.

వ్యాపారి తీర్మానం నకలు అడిగాడు. సంఘం ముద్ర వేసి, సంతకం పెట్టి ఇచ్చారు. అడ్వాన్సు మాటెత్తితే ఆయన ఆ నకలే చూపించాడు. ‘ఇందులో లేదుగా సార్’ అన్నాడు. నిజమే, లేదు. తాళాలు ఇచ్చేశారు. జనవరి, ఫిబ్రవరి అద్దె కట్టాడు. మార్చి నుంచి మానేశాడు. జూన్ దాటినా ఖాళీ చేయలేదు. గడువు ఎక్కడుందని అడిగాడు. అదీ నిజమే.

జూలైలో యూరియా లారీ వచ్చింది. దించడానికి గోదాము లేక వరండాలో పేర్చి పైన పట్టాలు కప్పారు. యూరియాకు తేమ తగిలితే చాలు, గడ్డ కడుతుంది. రెండు రోజుల ముసురుకు 160 బస్తాలు రాళ్లయ్యాయి. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసల లెక్కన 42,640 రూపాయలు. రావాల్సిన ఐదు నెలల అద్దె 60,000. మొత్తం 1,02,640 రూపాయల నష్టం ఒక్క వాక్యంలోంచి కారిపోయింది.

ఆడిట్‌లో అభ్యంతరం రాశారు. దాని వెనకే విచారణ అధికారి వచ్చాడు. 1964 నాటి సహకార సంఘాల చట్టంలో 51వ సెక్షను విచారణకు, 60వ సెక్షను సర్‌చార్జికి. సర్‌చార్జి అంటే నష్టాన్ని బాధ్యుల సొంత జేబుల్లోంచి వసూలు చేయడం. ఈ సెక్షన్ల నంబర్లు విన్న రాత్రే పాలకవర్గం మొత్తానికి మినిట్స్ బుక్కు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. పొద్దున్నే వచ్చి దాన్ని తెరిచి, డిసెంబరు పేజీలో వాక్యానికీ వాక్యానికీ మధ్య కుర్రాడు వదిలిన ఖాళీని అందరూ మెచ్చుకున్నారు.

‘తమ్మీ, ఈ సందులో రెండు ముక్కలు పడతయి చూడు. అడ్వాన్సు తీసుకొని అని ఒకటి, ఆరు నెలలకు అని ఒకటి’ అన్నాడు అధ్యక్షుడు, ఎంతో ఆప్యాయంగా.

కుర్రాడు పెన్ను మూత తీశాడు కూడా. అంతలో అటెండరు, పనికిమాలినవాడు, ఒక మాటన్నాడు: ‘నకలు సేటు దగ్గరుంది కదా సార్.’ పుస్తకంలో ఒకటి, ముద్ర వేసిన నకల్లో ఇంకొకటి ఉంటే అప్పుడది పొరపాటు కాదు, ఫోర్జరీ. రాసింది ఎవరి దస్తూరి అని అడిగితే అందరి వేళ్లూ చూపించేది కుర్రాణ్నే. మూత మళ్లీ పెట్టేశాడు. అలా ఒక అటెండరు నోటిదురుసు వల్ల సంఘం చరిత్రను సరిదిద్దే బంగారం లాంటి అవకాశం చేజారింది.

విచారణ అధికారి కేకలేసే రకం కాదు, అదే అసలు బాధ. పుస్తకం ముందు పెట్టుకుని మెల్లగా అడిగాడు. ఎవరికిచ్చారు? ఎన్నాళ్లకు? ఏ షరతు మీద? తాళాలు ఇవ్వమన్నది ఎవరు? ఎవరైనా వద్దన్నారా? ‘నేనన్నాను’ అని లేచాడు వద్దన్న డైరెక్టరు. ‘మీరు ఏకగ్రీవంలో ఉన్నారు’ అన్నాడు అధికారి. ‘నేను అప్పటికే చాయ్ దగ్గరున్నా’ అన్నాడు రెండో ఆయన. ‘మీరూ ఏకగ్రీవంలోనే ఉన్నారు.’ ఆ రోజు ఆ గదిలో మనుషులందరూ ఒక మాట చెబుతుంటే, పుస్తకం ఒక్కటే ఇంకో మాట చెప్పింది. అధికారి పుస్తకం మాటే రాసుకున్నాడు.

గోడవారగా నిలబడ్డ కుర్రాడు ఆ ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకున్నాడు. చెడిపోయింది అక్కడే.

తర్వాతి సమావేశానికి ఒక రఫ్ నోట్‌బుక్ తెచ్చుకున్నాడు. ప్రతి అంశం అయ్యాక చెయ్యెత్తి, ‘అధ్యక్షా, ఇలా రాసుకున్నా, వినండి’ అని చదవడం మొదలుపెట్టాడు. ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఏం చేయాలి, ఎంత సొమ్ములో, ఎప్పటిలోగా, ఎవరు. ఒప్పుకోనివారి పేరు పక్కన అసమ్మతి అని. మధ్యలో లేచి వెళ్లినవారికి ‘మూడో అంశం నుంచి లేరు’ అని. డబ్బు అంకెల్లోనూ అక్షరాల్లోనూ. మాట్లాడినదంతా రాయడు, అదొక్కటే నయం. ఎవరు ఎవరిని ఏమన్నారో వదిలేస్తాడు, తేలినదీ దానికి కారణమైనదీ మాత్రం వదలడు. సంతకాలు ఆ రోజే, అందరూ కుర్చీల్లో ఉండగానే. తప్పు రాస్తే వైట్నర్ పూయడు. కింది అక్షరాలు కనపడేలా ఒకే గీత కొట్టి, పక్కన అధ్యక్షుడి పొట్టి సంతకం తీసుకుంటాడు. పేజీలో మిగిలిన ఖాళీకి అడ్డంగా గీత. ఎంతో ముందుచూపుతో మన పెద్దలు వదులుతూ వచ్చిన ఖాళీలన్నీ ఇలా ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి.

డిసెంబరు పేజీని మాత్రం తాకలేదు. దాన్ని సరిచేయడానికి కొత్త తీర్మానం పెట్టించాడు. ఫలానా తేదీ నాలుగో అంశంలో గడువు, అడ్వాన్సు షరతు నమోదు కాలేదని, ‘ఏకగ్రీవం’ అన్నది పొరపాటని, వద్దన్న సభ్యుడు వీరని. పాతది పాతగానే ఉంది, కొత్తది దాన్ని వేలెత్తి చూపిస్తోంది. దీనివల్ల పోయిన డబ్బు తిరిగి రాదు. వ్యాపారి చేతిలోని నకలూ చెల్లకుండా పోదు. ఆయనకు నోటీసిచ్చి ఖాళీ చేయించడానికే ఇంకో మూడు నెలలు పట్టింది. కానీ వద్దన్నాయన మొహం మాత్రం వెలిగింది. ఆయన ఇప్పుడు ప్రతిదానికీ వద్దంటున్నాడు.

అన్నిటికంటే దారుణం ఇంకోటి ఉంది. ట్రాక్టరు మరమ్మతు మాట వచ్చినప్పుడు అధ్యక్షుడు అలవాటు ప్రకారం ‘చూద్దాం’ అన్నాడు. తరతరాలుగా మన సమావేశాలను ప్రశాంతంగా ముగించిన మాట అది. కుర్రాడు పెన్ను పట్టుకుని అడిగాడు: ‘ఎవరు చూడాలి సార్? ఎప్పటిలోగా?’

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి ఒక డైరెక్టరు పేరు, పదిహేను రోజుల గడువు రాయించాల్సి వచ్చింది. ట్రాక్టరు బాగైంది. అది బాగైతే దాని మీద వచ్చే ఏడాది మళ్లీ చర్చించడానికి ఏం మిగులుతుందని ఒక్కరూ ఆలోచించలేదు.

ఇప్పుడు సమావేశాలు ముప్పావు గంటలో అయిపోతున్నాయి. చాయ్ చల్లారడం లేదు. తాము అన్నది తమ పేరుతో పుస్తకంలోకి ఎక్కుతుందని తెలిశాక ఎవరికీ ఎక్కువ మాట్లాడాలని లేదు. ఇంతకంటే ప్రజాస్వామ్యానికి ఏం హాని జరగాలి?

అందుకే పాలకవర్గం మేల్కొంది. పోయిన సమావేశంలో ఇతర అంశాల కింద, ఈ కుర్రాణ్ని ఆఫీసు నుంచి ఎరువుల కౌంటరుకు మార్చాలని ఒకరు అన్నారు. అందరూ తలలూపారు. కుర్రాడు ఎప్పటిలాగే లేచి నిలబడి, రాసుకున్నది చదివాడు:

‘జూనియర్ క్లర్కును ఎరువుల కౌంటరుకు మార్చాలని ప్రతిపాదన వచ్చింది. ప్రతిపాదించిన వారు:’ అని ఆగి, తలెత్తి అందరి వైపూ చూశాడు. ఎవరూ పేరు చెప్పలేదు. ‘బలపరిచిన వారు:’ అన్నాడు. ఒకాయన ఫోను చూసుకున్నాడు. ‘కారణం:’ అన్నాడు.

‘ఈ అంశం వచ్చే సమావేశానికి వాయిదా’ అన్నాడు అధ్యక్షుడు.

‘వాయిదా కోరినది అధ్యక్షుల వారు’ అని రాసుకుని, కింద మిగిలిన ఖాళీకి కుర్రాడు అడ్డంగా గీత కొట్టి, పుస్తకం సంతకాలకు ఇచ్చాడు.