పైన చప్పన, అడుగున ఉప్పన

"పెన్నా సముద్రంలో కలిసేచోట చేత్తో తీస్తే నీళ్లు చప్పగా ఉన్నాయి, మోటారు వేస్తే రొయ్యల చెరువులోకి ఉప్పునీళ్లొచ్చాయి, ఎందుకండీ?"

మీ మోటారు నీళ్లు పీల్చే పైపు చివరి ఫుట్‌వాల్వ్ ఏటి అడుగున ఉన్నట్టుంది అన్నా. లీటరు ఏటి నీళ్లు కిలో తూగితే సముద్రపు నీళ్లు 1.025 కిలోలు తూగుతాయి, ఆ 25 గ్రాముల తేడాకే ఏటినీరు పైన పరుచుకుని పోతుంది, ఉప్పునీరు కిందనుంచి ఏట్లోకి ఎగదన్నుకొస్తుంది. మైపాడు బీచ్‌లో ఒళ్లు తేలిగ్గా తేలేదీ ఇందుకే, 70 కిలోల మనిషి తేలాలంటే ఏట్లో 70 లీటర్లు పక్కకు నెట్టాలి, సముద్రంలో 68.3 చాలు, ఆ మేరకు ఒళ్లు నీళ్లపైకి వస్తుంది.

సీసాకు రాయీ ఓ తాడూ, బిరడాకు ఇంకో తాడూ కట్టి అడుగుకు దించాక బిరడా తాడు లాగండి, నిండాక సీసా పైకి తీసి ఆ నీళ్లు ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే తెలిసిపోతుంది. పోటూ గాలీ గట్టిగా ఉన్నరోజు మాత్రం రెండూ కలిసిపోయి తేడా అంతగా కనపడదు.