గ్రామసభలో సర్పంచ్ ఎవరికి స్వాగతం చెప్పాలి?

గ్రామసభలో సర్పంచ్ స్వాగతోపన్యాసం చాలా ఊళ్లలో ఒకే తీరుగా సాగుతుంది. ముందు ఎమ్మెల్యే, తర్వాత జెడ్పీటీసీ, ఎంపీపీ, మండల అధికారులు. ఒక్కొక్కరికీ పేరు, హోదా, శాలువా. చివర్లో 'పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, యువతకు నమస్కారం' అని ఒక్క ముక్క. మర్యాద చేయడం తప్పని నేను అనను. కానీ ఈ వరుసలో సభ ఎవరిదో జనం మరిచిపోతున్నారు.

రాజ్యాంగం 243(బి) ప్రకారం ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. కొత్తగా ఓటు వచ్చిన కుర్రాడు, పింఛను తీసుకునే అవ్వ, ఉపాధి పని ముగించుకుని వచ్చిన కూలీ తల్లి, అందరూ. వేదిక మీదున్న నాయకుడికి ఓటు వేరే ఊళ్లో ఉంటే ఆయన ఇక్కడ అతిథి మాత్రమే.

నష్టం ఎక్కడ జరుగుతుందంటే సమయంలో. స్వాగతాలు, సన్మానాలు అయ్యేసరికి వంట, పశువులు, పిల్లలు గుర్తొచ్చి ఆడవాళ్లు లేచి వెళ్లిపోతారు. పనుల జాబితా, జమాఖర్చులు చదివేటప్పటికి సగం కుర్చీలు ఖాళీ. అయినా తీర్మానం 'సభ ఆమోదించింది' అని రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. సంతకాలు తర్వాత ఇళ్లకు తిరిగి చేయించే ఊళ్లూ ఉన్నాయి. స్వాగతం వేళ ఎంతమంది ఉన్నారు, జమాఖర్చులు చదివే వేళ ఎంతమంది మిగిలారు అని చూస్తే చాలు, ఆ సభ ఎలా జరిగిందో తెలిసిపోతుంది.

సర్పంచ్ ఐదు నిమిషాల్లో ఇలా చెప్పొచ్చు: 'పెద్దలారా, పోయిన సభలో మీరు అడిగిన పింఛన్ల దరఖాస్తులు ఎంతవరకు వచ్చాయో ముందు కార్యదర్శి గారు చదువుతారు. అమ్మా, బోరు దగ్గర నీళ్ల సంగతి రెండో అంశం, మీరు వెళ్లకముందే తేల్చేద్దాం. తమ్ముళ్లూ, కొత్త పనుల జాబితా గోడకు అంటించాం. చదివి, ఏ పని ముందు కావాలో లేచి చెప్పండి.' ఇందులో ముగ్గురికీ నమస్కారం ఉంది, ముగ్గురికీ పని కూడా ఉంది. పోయిన సభలో పెట్టుకున్న పని కాకపోతే ఎందుకు కాలేదో కూడా అక్కడే చెప్పాలి. అది చెప్పడానికే చాలామంది సర్పంచులు జంకుతారు. అతిథుల జాబితా చదవడంలో ఆ టెన్షన్ ఉండదు.

మహిళల విషయంలో ఇదొక్కటే సరిపోదు. మగవాళ్లు ముందు వరుసలో ఉంటే చాలామంది నోరు విప్పరు. అందుకే గ్రామసభకు ముందు మహిళా సభ జరపాలని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ రాష్ట్రాలకు సూచించింది. అక్కడ తేలిన కోరికలను సర్పంచ్ స్వాగతంలోనే చదివితే, వాటిని పక్కన పెట్టడం ఎవరికీ అంత తేలిక కాదు.

తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ సగం సర్పంచ్ పదవులు మహిళలవే. వాళ్లున్న ఊళ్లలో ఈ స్వాగతం భర్త కాకుండా ఆమే చెప్పాలి. తడబడినా సరే, కాగితం చూసి చదివినా సరే.